ఈ-ఆటో బ్యాటరీ కరెంటును ఆర్డుయినోతో కొలవాలంటే: షంట్‌కూ ఏడీసీకీ మధ్య ఆప్-ఆంప్ బోర్డు కట్టే పద్ధతి

"షంట్ వైర్లు తెచ్చి నేరుగా A0కి పెట్టాను. బండి ఎంత లాగినా రీడింగు 4, 5 దాటడం లేదు. ఛార్జింగ్ పెడితే సున్నా. ఎక్కడ తప్పు చేశాను?" ఈ ప్రశ్న నాకు నెలకి రెండు మూడు సార్లు వస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఈ-ఆటోలు బాగుచేసేవాళ్లు అడుగుతారు, గుంటూరు నుంచి ప్రాజెక్టు చేసుకునే పిల్లలు అడుగుతారు. ఇక రాసి పెట్టేస్తే మేలనిపించింది.

అడిగినవాళ్లు తప్పేమీ చేయలేదు. 100 ఆంపియర్లకు 75 మిల్లీవోల్ట్‌లు ఇచ్చే షంట్ మీద 30 ఆంపియర్లు పారితే వచ్చేది 22.5 మిల్లీవోల్ట్‌లే. ఆర్డుయినో ఉనోలో వోల్టేజిని అంకెగా మార్చే ఏడీసీకి ఒక మెట్టు దాదాపు 4.9 మిల్లీవోల్ట్‌లు. అంటే నాలుగైదు మెట్లు, అంతే. ఛార్జింగ్ అప్పుడు కరెంటు వెనక్కి పారుతుంది కాబట్టి ఆ వోల్టేజి సున్నా కిందికి పోతుంది. సున్నా కింద ఉన్నది ఉనోకి కనపడదు. కాబట్టి సిగ్నల్‌ని పెద్దది చేయాలి, దాని సున్నాని మధ్యకి జరపాలి. మూడోది ఇంకొకటి ఉంది, అందరూ వదిలేసేది అదే: మోటారు కంట్రోలరు స్విచింగ్ వల్ల వచ్చే అలలను ఏడీసీ దాకా రానివ్వకుండా ఆపాలి.

కావలసినవి

- 100 ఆంపియర్లు / 75 మిల్లీవోల్ట్‌ల షంట్ ఒకటి. ఎప్పుడూ పారే కరెంటు దాని రేటింగులో మూడింట రెండు వంతులు దాటకుండా చూసుకోండి. 48 వోల్ట్‌ల ఈ-ఆటోకి ఇది సరిపోతుంది.
- ఎంసీపీ 6002 ఐసీ, 8 పిన్నులది. ఒకే ఐసీలో రెండు ఆప్-ఆంప్‌లుంటాయి, రెండూ వాడతాం.
- ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు: 1 కిలో ఓం మూడు, 27 కిలో ఓం రెండు, 10 కిలో ఓం రెండు. 1 కిలో, 27 కిలో మాత్రం పదేసి కొనండి, ఎందుకో తర్వాత చెప్తాను.
- 100 నానోఫారడ్ కెపాసిటర్లు మూడు, 1 మైక్రోఫారడ్‌వి రెండు.
- పరీక్షకి 1.5 వోల్ట్‌ల సెల్లు, 100 ఓం, 330 ఓం, 4.7 ఓం రెసిస్టర్లు ఒక్కోటి.
- ఆర్డుయినో ఉనో, డాట్ బోర్డు, మల్టీమీటరు, 1 ఆంపియర్ ఫ్యూజు, 48 నుంచి 5 వోల్ట్‌లకు దించే బక్ కన్వర్టరు.

షాపులో ఎంసీపీ 6002 లేదంటారు, "ఎల్ఎం 358 ఇస్తాను, అదే పని చేస్తుంది, పిన్నులు కూడా అవే" అంటారు. పిన్నులు అవే, నిజమే. పని మాత్రం అదే కాదు. 5 వోల్ట్‌ల సప్లయి మీద ఎల్ఎం 358 అవుట్‌పుట్ 3.5 వోల్ట్‌ల దగ్గరే ఆగిపోతుంది. దశ 1లో వేసే మన లెక్కలో అది 49 ఆంపియర్లు. బండి ఎత్తు ఎక్కేటప్పుడు 70 లాగినా మీటరు 50 దగ్గర నిలబడిపోతుంది, మీరేమో కంట్రోలరులో కరెంటు లిమిట్ ఉందనుకుంటారు. పోనీ అని దానికి 12 వోల్ట్‌లు ఇచ్చారంటే, ఏదో ఒక రోజు దాని అవుట్‌పుట్ 5 దాటి ఉనో పిన్ను పోతుంది. అడగాల్సిన మాట "రైల్-టు-రైల్", అంటే అవుట్‌పుట్ సప్లయి అంచుల దాకా పోయేది. ఎంసీపీ 6002 కాకపోతే టీఎల్‌వీ 2372 అడగండి.

దశ 1: గెయిన్ ఎంతో ముందు కాగితం మీద తేల్చుకోండి

మధ్య బిందువు 2.5 వోల్ట్‌లు. పైకి 2.5, కిందికి 2.5 చోటుంది. 75 మిల్లీవోల్ట్‌లను 33 రెట్లు చేస్తే 2.475 వస్తుంది, భలే సరిపోయింది అనిపిస్తుంది. చాలామంది ఇక్కడే పడతారు. రైల్-టు-రైల్ అన్నా కూడా అవుట్‌పుట్ అంచుకి పాతిక మిల్లీవోల్ట్‌ల దూరంలో ఆగిపోతుంది. దానికి తోడు ఆప్-ఆంప్‌కి సొంత ఆఫ్‌సెట్ ఒకటుంటుంది. ఎంసీపీ 6002లో అది అటూ ఇటూ 4.5 మిల్లీవోల్ట్‌ల దాకా ఉండొచ్చు. అది కూడా గెయిన్‌తో పాటు పెరిగి అవుట్‌పుట్‌లో 120 మిల్లీవోల్ట్‌లు దాటుతుంది. అందుకే 27 దగ్గర ఆగుదాం.

```
gain  = 27k / 1k = 27
1 A   = 0.75 mV x 27 = 20.25 mV
+100A = 2.5 + 2.025 = 4.525 V
-100A = 2.5 - 2.025 = 0.475 V
1 count = 4.88 / 20.25 = 0.241 A
```

రెండు వైపులా దాదాపు అర వోల్ట్ మిగిలింది. ఆఫ్‌సెట్ ఎటు లాగినా తట్టుకుంటుంది.

ఈఎస్‌పీ 32 లాంటి 3.3 వోల్ట్‌ల బోర్డు వాడేవాళ్లు 27 కిలోల బదులు 15 కిలోలు, వాటి పక్కన 100 బదులు 180 నానోఫారడ్ పెట్టుకోండి. మధ్య బిందువు 1.65 అవుతుంది, ఐసీకి సప్లయి 3.3 నుంచే ఇవ్వాలి. ఆ ఏడీసీ అంచుల్లో సరిగా చదవదు కాబట్టి గెయిన్ ఇంతకంటే పెంచకండి.

దశ 2: రెసిస్టర్లను జత కలపండి

పదేసి కొనమన్నది ఇందుకే. మల్టీమీటరుతో కొలిచి 1 కిలోల్లో ఒకదానికొకటి దగ్గరగా ఉన్న రెండిటిని, 27 కిలోల్లో కూడా అలాగే రెండిటిని ఏరండి. విలువ సరిగ్గా 27.00 ఉండక్కర్లేదు, రెండూ ఒకేలా ఉంటే చాలు. జత కలవకపోతే సున్నా పక్కకి జరుగుతుంది. నాలుగు రెసిస్టర్లూ ఒక శాతం చొప్పున వ్యతిరేక దిక్కుల్లో తప్పితే, ఒక్క దీనివల్లే సున్నా దగ్గర దాదాపు 5 ఆంపియర్లు తేడా కనిపిస్తుంది.

దశ 3: 2.5 వోల్ట్‌ల మధ్య బిందువు

5V నుంచి 10 కిలో ఓం 5వ పిన్నుకి, 5వ పిన్ను నుంచి ఇంకో 10 కిలో ఓం గ్రౌండుకి. 5వ పిన్నుకీ గ్రౌండుకీ మధ్య 1 మైక్రోఫారడ్. 6, 7 పిన్నులు కలిపేయండి. ఇప్పుడు 7వ పిన్ను మీద గట్టి 2.5 వోల్ట్‌లు ఉంటాయి.

"రెండు రెసిస్టర్ల మధ్య నుంచే తీసుకుంటే పోలా, ఇంకో ఆప్-ఆంప్ ఎందుకు?" అని అడుగుతారు. ఆ రెండు 10 కిలోలూ కలిసి 5 కిలో ఓంలా కనపడతాయి. అవి మీరు ఏరికోరి జత కలిపిన 27 కిలోకి తోడై దాన్ని 32 చేస్తాయి. దశ 2 అంతా వృథా.

కెపాసిటర్‌ని 5వ పిన్ను దగ్గరే పెట్టండి. 7వ పిన్ను నుంచి నేరుగా గ్రౌండుకి పెట్టారో, ఆప్-ఆంప్ తనంతట తానే ఊగడం మొదలుపెట్టొచ్చు.

దశ 4: అసలు ఆంప్లిఫయరు

షంట్‌కి రెండు లావు బోల్టులు, రెండు చిన్న స్క్రూలు ఉంటాయి. కొలిచే వైర్లు ఎప్పుడూ చిన్న స్క్రూల నుంచే రావాలి. లావు బోల్టు కింద బిగిస్తే లగ్గు దగ్గర ఉండే కాస్త రెసిస్టెన్సు కూడా కొలతలోకి వచ్చేస్తుంది.

- లోడు వైపు చిన్న స్క్రూ నుంచి 1 కిలో ఓం ద్వారా 3వ పిన్నుకి. 3 నుంచి 7వ పిన్నుకి 27 కిలో ఓం.
- బ్యాటరీ వైపు చిన్న స్క్రూ నుంచి 1 కిలో ఓం ద్వారా 2వ పిన్నుకి. 2 నుంచి 1వ పిన్నుకి 27 కిలో ఓం.
- 8వ పిన్ను 5Vకి, 4వది గ్రౌండుకి. ఆ రెంటి మధ్య ఐసీని ఆనుకొని 100 నానోఫారడ్.

బండి నడిచేటప్పుడు లోడు వైపు స్క్రూ బ్యాటరీ వైపు కంటే పై వోల్టేజిలో ఉంటుంది, రీడింగు 2.5 నుంచి పైకి పోతుంది. ఛార్జింగ్‌లో కిందికి వస్తుంది. తిరగబడితే స్క్రూ వైర్లు మార్చుకోండి, వేరే నష్టమేమీ లేదు.

దశ 5: అలలను ఆపే ఫిల్టరు

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేనే రెండు వారాలు పోగొట్టుకున్నాను. మొదట కట్టిన బోర్డులో ఫిల్టరు లేదు. సెకనుకి వెయ్యి సార్లు చదివి తెర మీద చూపించేది. టేబుల్ మీద బంగారంలా పనిచేసింది. స్నేహితుడి ఆటోలో పెట్టి బందరు రోడ్డు మీద ఒకే వేగంతో వెళ్తుంటే ఆంపియర్లు 14కీ 26కీ మధ్య ఊయలలా ఊగాయి, సెకనుకి మూడు సార్లు. "బండి ఊగట్లేదు, మీ మీటరే ఊగుతోంది" అన్నాడు వాడు. స్క్రూ లూజేమో అని బిగించాను, వైర్లు మార్చాను. ఒకే చోట ఆపి, వెనక చక్రం ఎత్తి, మల్టీమీటరు 1వ పిన్ను మీద పెడితే అంకె కదలదు. తెర మీద మాత్రం ఊపు ఆగదు. పెట్టె వేడెక్కేకొద్దీ ఆ ఊపు వేగం మారేది.

ఆఖరికి అసలు సంగతి ఇది. ఆ కంట్రోలరు 16 కిలోహెర్ట్జ్ దగ్గర స్విచింగ్ చేస్తోంది. నేను సెకనుకి వెయ్యి సార్లు చదువుతున్నాను. అంటే ప్రతి పదహారో అల దగ్గర ఒక్కసారి కన్ను తెరిచి చూస్తున్నాను. అల వేగం సరిగ్గా పదహారు వేలు అయితే ఎప్పుడూ ఒకే చోట కనపడేది. మూడు హెర్ట్జ్ తేడా ఉంది కాబట్టి ప్రతిసారీ రవ్వంత జరిగి కనపడి, లేని నెమ్మది అల ఒకటి పుట్టుకొచ్చింది. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరిగినట్టు కనపడుతుంది చూడండి, అదే మాయ.

"అయితే ప్రోగ్రాంలో సగటు తీసేస్తే పోదా?" పోదు. ఏడీసీ చదివేసిన తర్వాత అది మూడు హెర్ట్జ్ అలే. నిజంగా డ్రైవరు యాక్సిలరేటరుని అలా తొక్కినా అంకెలు అవే వస్తాయి, ప్రోగ్రాం ఆ రెంటినీ విడదీయలేదు. చదవక ముందే ఆపాలి.

ఆపడానికి రెండు మెట్లు:

- రెండు 27 కిలో ఓం రెసిస్టర్లకూ పక్కనే ఒక్కో 100 నానోఫారడ్ పెట్టండి. ఒకదానికే పెట్టి వదిలేయకండి. ఇది 59 హెర్ట్జ్ దగ్గర నుంచి కోత మొదలుపెడుతుంది.
- 1వ పిన్ను నుంచి A0కి 1 కిలో ఓం, A0 నుంచి గ్రౌండుకి 1 మైక్రోఫారడ్. ఇది 159 హెర్ట్జ్. A0 పిన్నుకి ఆనుకొని పెట్టండి.

```
fc = 1 / (2 x pi x R x C)
27k, 100nF -> 59 Hz
1k,  1uF   -> 159 Hz
16 kHz : 271 x 100 = 27000 రెట్లు తగ్గుతుంది
```

అల 20 ఆంపియర్లున్నా, ఫిల్టరు లేకపోతే అవుట్‌పుట్‌లో 405 మిల్లీవోల్ట్‌లు, అంటే 83 మెట్లు. ఫిల్టరు పెట్టాక పదిహేను మైక్రోవోల్ట్‌లు. ఒక మెట్టులో మూడు వందో వంతు కూడా కాదు. మనకి కావలసిన కరెంటు మార్పులు నెమ్మదివి, యాక్సిలరేటరు తొక్కిన పదిహేను మిల్లీసెకన్లలో రీడింగు స్థిరపడిపోతుంది.

రెండో మెట్టులో రెసిస్టరు పెంచి 100 కిలోలు, 10 నానోఫారడ్ పెట్టినా అదే 159 వస్తుంది కదా అంటారు. లెక్కలో వస్తుంది. కానీ ఉనో ఏడీసీకి ముందుండే రెసిస్టెన్సు 10 కిలో ఓంలకు మించకూడదు. మించితే, పక్క ఛానెల్ కూడా చదువుతున్నప్పుడు దాని విలువ దీనిలోకి కలిసే ప్రమాదం ఉంది.

దశ 6: బండికి పెట్టక ముందు టేబుల్ మీద పరీక్ష

మొదటి పరీక్ష గెయిన్‌కి. 1.5 వోల్ట్ సెల్లు, 100 ఓం, 4.7 ఓం వరుసగా కట్టండి. 4.7 ఓం రెండు చివరలనూ షంట్ స్క్రూల స్థానంలో పెట్టి, బ్యాటరీ వైపు చివరని బోర్డు గ్రౌండుకి కూడా కలపండి. దాని మీద దాదాపు 67 మిల్లీవోల్ట్‌లు ఉంటాయి, మల్టీమీటరుతో కొలిచి రాసుకోండి. 1వ పిన్ను 4.32 వోల్ట్‌ల దగ్గర ఉండాలి. సెల్లు తిరగేస్తే 0.68 దగ్గరికి రావాలి. రెండిటి సగటు 2.5కి 0.15 లోపు తేడాలో ఉంటే మంచిదే. కిందికి సరిగా వచ్చి పైకి వెళ్లకపోతే ఐసీ మీద పేరు మళ్లీ చదవండి, ఎల్ఎం 358 అయి ఉంటుంది.

రెండో పరీక్ష ఫిల్టరుకి. దీన్ని చేసేవాళ్లు తక్కువ. సెల్లు, 100 ఓం తీసేసి, ఉనో 9వ పిన్ను నుంచి 330 ఓం ద్వారా అదే 4.7 ఓంకి ఇవ్వండి.

```
unsigned long t;
void setup() {
  Serial.begin(115200);
  tone(9, 990);
  t = micros();
}
void loop() {
  while (micros() - t < 1000) ;
  t += 1000;
  Serial.println(analogRead(A0));
}
```

సీరియల్ ప్లాటర్ తెరవండి. ముందు 27 కిలోల పక్కనున్న రెండు కెపాసిటర్లూ, A0 దగ్గర ఉన్నదీ ఒక కాలు ఊడదీసి చూడండి. మీరిచ్చింది దాదాపు వెయ్యి హెర్ట్జ్ అల. తెర మీద మాత్రం సెకనుకి ఎనిమిది సార్లు 512 నుంచి 900 దరిదాపులకి ఎక్కి దిగే తీరిక అల కనపడుతుంది. ప్రోగ్రాంలో 1000 రెండు చోట్లా 1100 చేయండి, అల వేగం మారిపోతుంది. నిజమైన సిగ్నల్ అయితే మీరు ఎంత తరచుగా చూసినా దాని వేగం మారదు. బండి మీద ఎప్పుడు అనుమానం వచ్చినా ఈ ఒక్క చిట్కా చాలు.

ఇప్పుడు 1000కి తిరిగి మార్చి, కెపాసిటర్లు అతికించండి. 700 చుట్టుపక్కల దాదాపు తిన్నని గీత, అటూ ఇటూ రెండు మూడు మెట్లు. ఇంకా ముప్పై నలభై మెట్లు ఊగుతుంటే ఏదో ఒక కెపాసిటరు అతకలేదు, లేదా 100 నానోకి బదులు 10 నానో పెట్టారు. 104 అని రాసి ఉన్నది 100 నానో, 103 అన్నది 10.

పరీక్ష అయ్యాక tone లైను తీసేయండి.

దశ 7: బండికి కలపడం

బ్యాటరీ విడదీసిన తర్వాతే పని చేయండి. 48 వోల్ట్‌లు చేతికి పెద్దగా తెలియకపోవచ్చు, కానీ స్పానర్ అడ్డం పడితే దాన్ని కరిగించే కరెంటు ఆ బ్యాటరీలో ఉంది. చేతి ఉంగరం తీసేయండి.

షంట్ బ్యాటరీ నెగిటివ్‌కీ మిగతా బండికీ మధ్య రావాలి. ఛార్జరు నెగిటివ్ కూడా లోడు వైపుకే రావాలి. అది నేరుగా బ్యాటరీ టెర్మినల్ మీదే ఉండిపోతే ఛార్జింగ్ కరెంటు షంట్‌లోంచి పోదు, మీటరు సున్నా చూపిస్తుంది.

బక్ కన్వర్టరు పాజిటివ్‌కి ఫ్యూజు వేయండి. నెగిటివ్ మాత్రం బ్యాటరీ వైపు లావు బోల్టుకి విడిగా ఒక వైరు లాగండి. కొలిచే వైరునే గ్రౌండుగా వాడొద్దు. బోర్డు 50 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది, ఆ సన్న వైరు, స్క్రూ కలిసి 0.1 ఓం ఉందనుకోండి, అక్కడే 5 మిల్లీవోల్ట్‌లు పడతాయి. అది 6.7 ఆంపియర్లతో సమానం! వైరు విడిగా ఉంటే మనం కట్టిన ఆంప్లిఫయరు రెండు స్క్రూల మధ్య తేడానే చూస్తుంది కాబట్టి ఆ 5 మిల్లీవోల్ట్‌లను పట్టించుకోదు.

ఇంకా పెద్ద పొరపాటు: కన్వర్టరు నెగిటివ్ లోడు వైపు, బోర్డు గ్రౌండు బ్యాటరీ వైపు కలపడం. అప్పుడు షంట్‌కి పక్కదారి ఏర్పడి మోటారు కరెంటులో కొంత ఆ సన్న గ్రౌండు వైరులోంచి పోతుంది. రీడింగు తక్కువ వస్తుంది, వైరు వేడెక్కుతుంది. చేతితో ముట్టుకుని చూడండి. ల్యాప్‌టాప్ పెట్టి చూసేటప్పుడు కూడా దాని ఛార్జరు పీకేయండి, ఎర్త్ ద్వారా ఇలాంటి పక్కదారే వచ్చే అవకాశముంది.

కొలిచే రెండు వైర్లనూ ఒకదానికొకటి మెలిపెట్టి, మోటారు కేబుళ్లకు దూరంగా తీసుకురండి.

దశ 8: సున్నా, స్కేలు

అన్నీ ఆపి వెయ్యి రీడింగుల సగటు తీయండి. 512 రాదు, రాకపోతే భయపడకండి. నా రెండో బోర్డులో 531 వచ్చింది. 19 మెట్లు అంటే 93 మిల్లీవోల్ట్‌లు, అది ఐసీ సొంత ఆఫ్‌సెట్ దాదాపు 3.3 మిల్లీవోల్ట్‌లకు సమానం. హద్దులోనే ఉంది. ఆ 531నే సున్నాగా ప్రోగ్రాంలో రాశాను. ఎండాకాలం సీటు కింద పెట్టె 60 డిగ్రీలకి ఎక్కినా ఈ సున్నా మామూలుగా పదో వంతు ఆంపియర్ చుట్టూనే కదులుతుంది, అది పోనిద్దాం. మీ సున్నా 470 కిందో 555 పైనో వస్తే మాత్రం రెసిస్టర్ల జత, 7వ పిన్ను వోల్టేజి మళ్లీ చూడండి.

```
amps = (count - 531) * 0.241
```

స్కేలు సరిచూడడానికి డీసీ కొలిచే క్లాంప్ మీటరు కావాలి. చాలామంది చేతిలో ఉండేది ఏసీకి మాత్రమే పనికొచ్చే క్లాంపు, బ్యాటరీ వైరు మీద అది సున్నాయే చూపిస్తుంది. డీసీది దొరక్కపోతే ఛార్జింగ్ వైరులో 10 ఆంపియర్ల రేంజి ఉన్న మల్టీమీటరు వరుసలో పెట్టండి, ఛార్జరు అంతకంటే తక్కువ ఇచ్చేది అయితేనే.

నా బండి మీద ఛార్జరు 12 ఆంపియర్లు ఇస్తోందని క్లాంపు చూపినప్పుడు రీడింగు 481 రావాలి. 483 వచ్చింది, అంటే 11.6. నాలుగు శాతం తక్కువ. కారణం ఉనో 5V పిన్ను మీదే ఉంది: బక్ కన్వర్టరు 5.18 ఇస్తోంది, నేను 5.00 అని లెక్క వేశాను. మధ్య బిందువు కూడా అదే సప్లయి నుంచి వస్తుంది కాబట్టి సున్నా కదలదు, స్కేలు మాత్రం మారుతుంది. 0.241ని 0.250 చేశాక 483 పన్నెండే చూపించింది. మీరు కూడా ఆ పిన్ను వోల్టేజిని కొలిచి, దాన్ని 5తో భాగించి, 0.241ని దానితో గుణించుకోండి. ఆ కొలత బండి కన్వర్టరు మీద నడుస్తుండగా తీయండి. యూఎస్‌బీ మీద అదే పిన్ను 4.7కి పడిపోవడం నేను చూశాను.